లైవ్‌లో చీర చూపిస్తూ చెప్పే మాటలు: అపోహలు - వాస్తవాలు

దిల్‌సుఖ్‌నగర్‌లో మా చిన్న షాపు నుంచి వారానికి కొన్ని లైవ్‌లు పెడతాం. మాలాగే ఇంటి నుంచి చీరలు అమ్మే అక్కలు అడిగే ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఒకే విషయం మీద ఉంటాయి. లిస్టింగ్‌లో రాసిందానికీ, లైవ్‌లో నోటితో చెప్పేదానికీ పొంతన ఎంత ఉండాలి?

అపోహ: వివరాలన్నీ లిస్టింగ్‌లో ఉన్నాయి, లైవ్‌లో చీర బాగా చూపిస్తే చాలు.

లైవ్ చూసేవాళ్లు లిస్టింగ్ తెరవరు. స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్‌లో పంపి, "ఇది ఉందా అక్కా?" అంటారు. వంట చేసుకుంటూ ఫోన్ పక్కన పెట్టి వినేవాళ్లూ ఉంటారు. వాళ్లకు మీ గొంతే లిస్టింగ్. మధ్యలో చేరేవాళ్ల కోసం కోడ్ మొదట ఒకసారి, చివర ఒకసారి చెప్పాలి.

అపోహ: అయితే లిస్టింగ్‌నే చదివేస్తే సరి.

కంటికి రాసింది చెవికి ఎక్కదు. మదీనా హోల్‌సేల్‌లో తెచ్చిన ఒక చీర తీసుకుందాం. లిస్టింగ్ ఇలా ఉంది:

కోడ్ 27. కాటన్ చీర, ఇక్కత్ డిజైన్ ప్రింట్. రంగు: నేవీ బ్లూ. చీర 5.4 మీ., బ్లౌజ్ 0.8 మీ. ధర రూ. 850, కొరియర్ రూ. 70, మొత్తం రూ. 920. మొదటిసారి విడిగా ఉతకాలి. డ్యామేజ్ ఉన్నా, వివరాలకు తేడా ఉన్నా 7 రోజుల్లో వాపసు.

అదే లైవ్‌లో:

"కోడ్ ఇరవై ఏడు అక్కా. కాటన్ చీర. దీని మీద ఉన్నది ఇక్కత్ డిజైన్ ప్రింట్, నేసింది కాదు. వెనక్కి తిప్పుతున్నా, చూడండి, లోపలివైపు రంగు పలచగా ఉంది. నేవీ బ్లూ. ఈ లైటుకు కొంచెం లేతగా కనిపిస్తోంది, చేతికొచ్చాక ఇంకాస్త ముదురుగా ఉంటుంది. చీర ఐదు మీటర్ల నలభై, జాకెట్టు ముక్క ఎనభై సెంటీమీటర్లు. ఎనిమిది వందల యాభై, కొరియర్ డెబ్బై, మొత్తం తొమ్మిది వందల ఇరవై. మొదటిసారి విడిగా ఉతకండి. డ్యామేజ్ ఉన్నా, నేను చెప్పినట్టు లేకపోయినా ఏడు రోజుల్లో వెనక్కి తీసుకుంటాం. కోడ్ ఇరవై ఏడు."

నిమిషం లోపే అయిపోతుంది. అంకెలు మనం నోటితో అనుకునే తీరులోనే ఉన్నాయి. "సున్నా పాయింట్ ఎనిమిది మీటర్లు" అంటే ఎవరికీ బుర్రకెక్కదు. లిస్టింగ్‌లో లేని మాటలు రెండే రెండు: వెనకవైపు, లైటు. కెమెరా ముందు మాత్రమే చూపించగలిగేవి కాబట్టి అవి చేరాయి.

అపోహ: "పోచంపల్లి" అనేస్తే ఏమవుతుంది, డిజైన్ అదేగా?

గొడవలన్నీ ఇక్కడే మొదలవుతాయి. ఇక్కత్‌లో నేయకముందే నూలుకు ముడులు కట్టి రంగు అద్దుతారు. అందుకే డిజైన్ రెండు వైపులా దాదాపు ఒకేలా ఉంటుంది, అంచులు కొద్దిగా చెదిరినట్టు కనిపిస్తాయి. ప్రింట్ అయితే గీత గీసినట్టు తేటగా ఉండి వెనక పలచబడుతుంది. పల్చటి మల్ బట్టలో మాత్రం ప్రింట్ కూడా వెనక్కి దిగుతుంది, దానికి ఈ పరీక్ష నమ్మకండి, అంచులే చూడండి. పోచంపల్లి ఇక్కత్‌కు జీఐ గుర్తింపు ఉంది, అంటే ఆ పేరు ఆ ప్రాంతపు నేతకే చెల్లుతుంది. ప్రింట్ చీరకు ఆ పేరు పెట్టి అమ్మడం మాట జారడం అనిపించుకోదు.

అపోహ: నోటిమాటకు లెక్క లేదు, రాసిందే లెక్క.

2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ప్రకటన అంటే రాసింది మాత్రమే కాదు, ధ్వని, దృశ్యం కూడా దాని కిందికే వస్తాయి. 2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం, ప్రకటనలో చెప్పినట్టు లేని సరుకును వెనక్కి తీసుకోనని అమ్మేవాళ్లు అనకూడదు. స్క్రీన్ రికార్డింగ్ చేసుకోవడం ఇప్పుడు ఎవరికైనా ఒక్క బటన్ పని.

నిజానికి స్క్రిప్ట్‌లో తప్పులు తక్కువ, కామెంట్లకు ఇచ్చే జవాబుల్లోనే ఎక్కువ. "ఇది హ్యాండ్లూమేనా?" అని కామెంట్ వస్తుంది, పక్కన మడతలు పెట్టే అమ్మాయి ఊపులో "అవునక్కా" అనేస్తుంది. లిస్టింగ్ ప్రింట్ తీసి కెమెరా పక్కన అతికించండి. అందులో లేనిదానికి "చూసి చెప్తా" అనడమే జవాబు. లైవ్ మధ్యలో ధర తగ్గించాలంటే ముందు లిస్టింగ్‌లో మార్చండి, తర్వాతే నోరు విప్పండి.

సరిపోయిందో లేదో తెలుసుకోవడం తేలిక. లిస్టింగ్ చూడని మనిషికి రికార్డింగ్ వినిపించి బట్ట, ప్రింటా నేతా, రంగు, కొలత, ధర, కొరియర్, మొత్తం, వాపసు అని గడులు గీసిచ్చి నింపమనండి. ఏ గడి ఖాళీగా ఉందో ఆ వాక్యం స్క్రిప్ట్‌లో లేదు, లేదా మీరు గబగబా అనేశారు. మా దగ్గర ఎప్పుడూ ఖాళీగా మిగిలేది కొరియర్ గడి. ఫిర్యాదు నంబరు, షాపు అడ్రసు లాంటివి మాత్రం గొంతుతో చెప్పక్కర్లేదు, లిస్టింగ్‌లో ఉంచి "కింద రాశాం" అంటే చాలు.