24 గంటల నొప్పి అంటే 24 గంటలు ఓర్చుకోమని కాదు

మన వైపు అపెండిసైటిస్‌కు ‘24 గంటల నొప్పి’ అనే పేరు స్థిరపడిపోయింది. వరంగల్‌లో సర్జన్‌గా పనిచేస్తున్న నాకు ఆ పేరు వింటేనే కోపం వస్తుంది. ‘‘ఒక రోజు చూద్దామనుకున్నాం సార్, తగ్గకపోతే వద్దామనుకున్నాం’’ అని పరకాల నుంచి వచ్చినవారూ అంటారు, ములుగు నుంచి వచ్చినవారూ అంటారు. ఒక రోజులో దానంతట అదే తగ్గిపోయే నొప్పి కాబట్టి ఆ పేరు వచ్చిందని కొందరి నమ్మకం. 24 గంటల దాకా ప్రమాదమేమీ ఉండదని మరికొందరి ధీమా. రెండూ తప్పే. అపెండిక్స్ ఎప్పుడు పగులుతుందో ముందుగా ఎవరూ చెప్పలేరు. నొప్పి మొదలై ఒకటి, ఒకటిన్నర రోజులు దాటాక ఆ ముప్పు బాగా పెరుగుతుంది. చిన్నపిల్లల్లో అంతకంటే ముందే పగలవచ్చు.

మొన్నటి పత్తి సీజన్‌లో వచ్చిన ఒక కుర్రాడి సంగతి చెబుతాను. 20 ఏళ్లుంటాయి. శుక్రవారం పత్తి బండితో ఎనుమాముల మార్కెట్‌కు వచ్చాడు. సాయంత్రం ఏడింటికి బొడ్డు చుట్టూ నొప్పి మొదలైంది. మధ్యాహ్నం తిన్న మిరపకాయ బజ్జీల వల్లే అనుకున్నాడు. రాత్రి అన్నం సయించలేదు, రెండుసార్లు వాంతి అయింది. శనివారం పొద్దున ఊళ్లో నొప్పి సూది వేయించుకుని, గ్యాస్ మాత్ర తెచ్చుకున్నాడు. రెండు గంటల్లో హాయిగా అనిపించింది. మధ్యాహ్నానికి నొప్పి మళ్లీ వచ్చింది, ఈసారి కుడివైపు పొత్తికడుపులో. బొడ్డు దగ్గర లేదు కదా, దిగిపోతోందని ఇంట్లోవాళ్లు సంతోషించారు. సాయంత్రం ఇంకో సూది వేయించారు.

అసలు పొరపాటు జరిగింది అక్కడే. అపెండిక్స్ పెద్దపేగు మొదట్లో వేలాడే చిటికెన వేలంత గొట్టం. గట్టిపడిన మలం ముక్క దాని నోటికి అడ్డుపడితే, లోపల ఊరేది బయటికి పోయే దారి లేక గొట్టం ఉబ్బుతుంది. ఆ ఉబ్బు కబురును మోసే నరాలూ, బొడ్డు చుట్టూ ఉన్న చర్మం నరాలూ వెన్నుపాములో ఒకే చోట చేరతాయి. అందుకే జబ్బు కుడివైపున ఉన్నా నొప్పి బొడ్డు దగ్గర తెలుస్తుంది. కొన్ని గంటలకు వాపు గొట్టం గోడను దాటి, పొట్ట లోపలి గోడకు ఉండే పొరను తాకుతుంది. ఆ పొరకు నొప్పి ఎక్కడుందో కచ్చితంగా తెలుసు. నొప్పి అప్పుడు కుడివైపు కిందికి మారి, వేలు పెట్టి చూపించగలిగేలా అవుతుంది. అంటే నొప్పి దిగలేదు, జబ్బు ముదిరింది.

నొప్పి సూది ఈ అడ్డును తీయదు. డైక్లోఫెనాక్ లాంటి మందు నొప్పిని, జ్వరాన్ని తగ్గిస్తుంది, అంతే. లోపల ఒత్తిడి పెరుగుతూనే ఉంటుంది. గొట్టం గోడకు రక్తం అందదు, అది నల్లబడి కుళ్లుతుంది. ఇంటివాళ్లకు మాత్రం జ్వరం లేని, నిద్రపోతున్న మనిషి కనిపిస్తాడు.

ఆదివారం మధ్యాహ్నం రెండింటికి ఆ కుర్రాడికి నొప్పి ఒక్కసారిగా తగ్గింది. తల్లి గంజి కూడా తాగించింది. ఉబ్బిన గొట్టం పగిలితే లోపలి ఒత్తిడి పోతుంది కాబట్టి కాసేపు అలా ఉపశమనం కలుగుతుంది. తర్వాత చీము పొట్టంతా పాకుతుంది. రాత్రి తొమ్మిదింటికి, అంటే మొదటి నొప్పి నుంచి 50 గంటలకు, అతన్ని నా దగ్గరికి తెచ్చారు. మోకాళ్లు పైకి ముడుచుకుని, మంచం మీద కదలకుండా పడుకున్నాడు. పొట్ట చెక్కలా బిగుసుకుపోయింది, ఊపిరి తీసినా కదలడం లేదు. నాడి నిమిషానికి 120 దాటింది. ఆపరేషన్‌లో పొట్ట తెరవగానే చీము పొంగింది. గొట్టం మొదట్లో ఉండాల్సిన శనగగింజంత మలం ముక్క పేగుల మధ్య దొరికింది. పగలకముందు వచ్చినవారు చాలామంది ఒకటి రెండు రోజుల్లో ఇంటికి వెళతారు. అతను డ్రెయిన్ గొట్టంతో తొమ్మిది రోజులు వార్డులో ఉన్నాడు. ‘‘నొప్పి తగ్గింది కదా సార్, తగ్గాక ఎట్లా పగిలింది?’’ అని అతని తల్లి నన్ను నాలుగుసార్లు అడిగింది. ఆమె తప్పేమీ లేదు. తగ్గడం కూడా చెడ్డ గుర్తు కావచ్చని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

దీనికి పూర్తిగా వ్యతిరేకమైన అపోహ ఇంకొకటి ఉంది. నొప్పి మాత్ర వేసుకుంటే జబ్బు డాక్టరుకు దొరకదని భయపడి, విలవిల్లాడుతున్న పిల్లవాడిని అలాగే తీసుకొస్తారు. మా పాత గురువులూ అలాగే నేర్పారు. ఇప్పుడు మేం పరీక్ష చేసే సమయంలోనే నొప్పికి మందు ఇస్తున్నాం. దానివల్ల రోగనిర్ధారణ చెడిపోదని అధ్యయనాల్లో తేలింది. ఇంట్లో ఒక మాత్ర వేసుకున్నారా, ఫరవాలేదు, వేసుకుని బయలుదేరండి. మాత్ర వేసుకుని ఇంట్లో కూర్చోవడంతోనే ప్రమాదం. ఏ మందు, ఎన్ని గంటలకు వేసుకున్నారో మాకు చెప్పండి, దాచకండి.

ఆటోలో వచ్చినవారిని నేను తప్పక అడిగే ప్రశ్న ఒకటుంది: ‘‘స్పీడ్ బ్రేకర్ మీద ఎగిరినప్పుడు నొప్పి పెరిగిందా?’’ ఇంగ్లండ్‌లో దీని మీద నిజంగానే అధ్యయనం చేశారు. అపెండిసైటిస్ అని తేలిన 34 మందిలో 33 మంది పెరిగిందనే చెప్పారు. దగ్గినా, కుడికాలు గట్టిగా మోపినా అక్కడే కలుక్కుమంటుంటే, ఆకలి చచ్చిపోయి ఉంటే, వాంతులు నొప్పి మొదలైన తర్వాత వచ్చి ఉంటే ఇక ఆగవద్దు. అయితే నొప్పి బొడ్డు నుంచి కుడివైపుకు మారడం సుమారు సగం మందిలోనే స్పష్టంగా కనిపిస్తుంది. అది లేదని ధైర్యపడకండి. గర్భిణుల్లో నొప్పి ఇంకాస్త పైన ఉండవచ్చు. పెద్దవయసువారిలో పగిలిన తర్వాత కూడా నొప్పి పెద్దగా తెలియకపోవచ్చు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. జామ గింజలు మింగితే వస్తుందనే భయం వదిలేయండి. ‘బొడ్డు జరిగింది’ అని పొట్ట పిసికించకండి. ఆముదం తాగించకండి, ఎనిమా ఇప్పించకండి. అల్ట్రాసౌండ్ స్కాన్‌లో ఏమీ కనిపించలేదంటే ఏమీ లేదని కాదు. పేగు వెనక దాగిన అపెండిక్స్ స్కాన్‌కు చిక్కకపోవచ్చు. అనుమానముంటే కొన్ని గంటల తర్వాత మళ్లీ పరీక్షిస్తాం, అవసరమైతే సీటీ తీయిస్తాం.

ఆపరేషన్ లేకుండా యాంటీబయాటిక్స్‌తో తగ్గుతుందట కదా అని చదువుకున్నవాళ్లు అడుగుతారు. కొందరికి తగ్గుతుంది, అబద్ధం కాదు. 2020లో వచ్చిన అమెరికా పెద్ద అధ్యయనంలో అలా వైద్యం తీసుకున్న ప్రతి పదిమందిలో దాదాపు ముగ్గురికి 90 రోజుల్లోపు ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. మలం ముక్క అడ్డుపడి ఉన్నవారిలో ఆ సంఖ్య నాలుగుకు చేరింది. అదైనా అపెండిక్స్ పగలలేదని స్కాన్‌లో చూసి, డాక్టరు పర్యవేక్షణలో చేసే వైద్యం. మందుల షాపులో అడిగి తెచ్చుకున్న నాలుగు మాత్రలు దానికి సమానం కావు.

రాత్రి పదకొండింటికి నొప్పి మొదలై, పొద్దున మొదటి బస్సుకు వద్దామా అని ఆలోచించేవాళ్లు మన పల్లెల్లో చాలామంది. నొప్పి కుడివైపుకు చేరి, కదిలితే పెరుగుతుంటే బస్సు కోసం ఆగకండి, 108కు ఫోను చేయండి. అన్నం, పాలు, టీ పెట్టకండి. మత్తు ఇవ్వాల్సి వస్తే ఖాళీ కడుపే మేలు. ఆసుపత్రికి చేరాక ఆపరేషన్ వెంటనే కాకుండా కొన్ని గంటల తర్వాత అని చెబితే కంగారు పడకండి. పగలని అపెండిక్స్‌కు సెలైన్, యాంటీబయాటిక్స్ పెట్టి, గంటగంటకూ చూసుకుంటూ కొంతసేపు ఆగవచ్చు. ఇంట్లో గడిచే గంటల్లో ఆ చూసుకునేవాళ్లు ఉండరు.