ఉమ్మడి ఖర్చు మీద క్రెడిట్ ఎంత? మోడ్‌వ్యాట్ నుంచి జీఎస్టీ దాకా ఒక భాగహారం కథ

ఒక సూపర్ మార్కెట్‌లో సబ్బులు, బిస్కెట్లు అమ్ముతారు. వాటి మీద పన్ను ఉంది. అదే కప్పు కింద కూరగాయలు, విడి బియ్యం, పాలు అమ్ముతారు. వాటి మీద పన్ను లేదు. సబ్బుల కొనుగోలులో కట్టిన పన్నును అమ్మకం పన్నులోంచి తగ్గించుకోవడంలో, అంటే క్రెడిట్ తీసుకోవడంలో, చిక్కేమీ లేదు. చిక్కంతా షాపు అద్దె దగ్గరే వస్తుంది. ఆ అద్దె మీద కట్టిన జీఎస్టీలో సబ్బుల వాటా ఎంత, బియ్యం వాటా ఎంత? ఇది ఏ బిల్లులోనూ రాసి ఉండదు. కాబట్టి చట్టమే ఏదో ఒక లెక్క చెప్పాలి. ఆ లెక్క ఇప్పుడున్న రూపానికి రావడానికి ముప్పై ఏళ్లకు పైగా పట్టింది.

క్రెడిట్ పద్ధతి రాకముందు ఆంధ్రప్రదేశ్‌లో 1957 నాటి అమ్మకం పన్ను చట్టం కింద చాలా సరుకులకు పన్ను ఒకే చోట పడేది. వెనక కట్టిన పన్నును ముందు తగ్గించుకోవడమనే ఏర్పాటు ప్రధానంగా లేదు కనుక వాటాల తగాదా కూడా లేదు. ఆ తగాదాకు మొదలు 1986 మార్చి 1. ఆ రోజు ఆర్థిక మంత్రి వి.పి. సింగ్ ఎక్సైజ్ సుంకంలో మోడ్‌వ్యాట్ తెచ్చారు. టారిఫ్‌లోని 37 అధ్యాయాల సరుకులకు, ముడిసరుకు మీద కట్టిన సుంకాన్ని తయారైన సరుకు సుంకంలోంచి తగ్గించుకోనిచ్చారు. తయారైన సరుకుకు సుంకం మినహాయింపు ఉంటే మాత్రం క్రెడిట్ లేదని 57సి నిబంధన చెప్పింది. వస్తే మొత్తం, లేకపోతే సున్నా. ఒకే ముడిసరుకుతో రెండు రకాల సరుకులూ చేసే ఫ్యాక్టరీ ఏం చేయాలన్న దానికి అందులో సరైన జవాబు లేదు.

ఆ ఇరకాటం చంద్రపూర్ మాగ్నెట్ వైర్స్ కేసుగా సుప్రీంకోర్టుకు చేరింది. తీసుకున్న క్రెడిట్‌ను ఖాతాలో తిరిగి వెనక్కి వేస్తే, అసలు తీసుకోనట్టే లెక్క అని కోర్టు తేల్చింది. ఈ రోజు మనం రివర్సల్ అంటున్న పని మొత్తం ఆ తీర్పు మీదే నిలబడింది. ముందు మొత్తం తీసుకోవడం, తర్వాత రాని భాగాన్ని వెనక్కి వేయడం తప్పు కాదని అది చెప్పింది.

ప్రభుత్వం మాత్రం ముందు మొరటు దారి పట్టింది. 1996లో వచ్చిన 57సిసి ప్రకారం, రెండు రకాల సరుకులకూ విడివిడి లెక్కలు పెట్టని ఫ్యాక్టరీ మినహాయింపు సరుకు ధరలో 8 శాతం కట్టేయాలి. తర్వాతి నిబంధనల్లో అది 10 శాతమైంది, 2009లో 5 శాతానికి దిగింది. ఈ పద్ధతిలోని అన్యాయం సులువుగానే కనిపిస్తుంది. ఉమ్మడి ముడిసరుకు మీద తీసుకున్న క్రెడిట్ వెయ్యి రూపాయలే అయినా, మినహాయింపు సరుకు పది లక్షలకు అమ్మితే 80,000 కట్టాలి. క్రెడిట్‌కూ దాన్ని వదులుకోవడానికీ సంబంధమే తెగిపోయింది. సేవల రంగానికి ఇంకో మొరటు కొలత పెట్టారు. 2008 మార్చి వరకు, విడి లెక్కలు లేని సేవా సంస్థ తాను కట్టాల్సిన పన్నులో 20 శాతం వరకే క్రెడిట్ వాడుకోవాలి.

2008 ఏప్రిల్ నుంచి టర్నోవర్ నిష్పత్తి వచ్చింది. మినహాయింపు అమ్మకాలు మొత్తంలో ఎంత భాగమో, క్రెడిట్‌లో అంత భాగం వదలాలి. ఆలోచన సరైనదే గానీ, ఆ నిష్పత్తితో దేన్ని గుణించాలన్న చోట నిబంధన దెబ్బతింది. సేవల మీద తీసుకున్న ‘మొత్తం’ క్రెడిట్‌తో గుణించమని రాశారు. పూర్తిగా పన్ను ఉన్న వ్యాపారానికే వాడిన సేవ మీది క్రెడిట్ కూడా అందులో పడిపోయింది. దాని మీద ట్రిబ్యునళ్లలో ఏళ్ల తరబడి వాదనలు నడిచాయి. 2016 బడ్జెట్‌తో పాటు వచ్చిన సవరణ గానీ ఉమ్మడి క్రెడిట్‌తోనే గుణించాలని స్పష్టం చేయలేదు.

నాకు విడ్డూరంగా అనిపించేదేమిటంటే, ఆ పాటికి ఆంధ్రప్రదేశ్ వ్యాట్‌లో ఈ సంగతి తేలిపోయి పదేళ్లు దాటింది. 2005 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన వ్యాట్ కింద 20వ నిబంధన ఉమ్మడి కొనుగోళ్ల పన్నును విడిగా తీసి, `A × B ÷ C` అనే సూత్రం పెట్టింది. A ఉమ్మడి కొనుగోళ్ల పన్ను, B పన్ను పడే అమ్మకాలు, C మొత్తం అమ్మకాలు. నెలవారీ సర్దుబాటుకు 200ఎ ఫారం, ఏడాది చివరి సర్దుబాటుకు 200బి ఫారం ఉండేవి. విజయవాడ, వరంగల్‌లలో అప్పట్లో వ్యాట్ లెక్కలు రాసిన గుమాస్తాలకు జీఎస్టీ సూత్రం కొత్తగా అనిపించకపోవడానికి కారణం ఇదే. తేడా ఒక్కటే. వ్యాట్ సూత్రం వచ్చే క్రెడిట్‌ను చెప్పేది, జీఎస్టీ సూత్రం పోయే క్రెడిట్‌ను చెబుతుంది.

అదే 20వ నిబంధనలో ఇంకో జాబితా కూడా ఉండేది. వాహనాలు, వాటి ఇంధనం, సొంత వాడకానికి కొన్నవి మొదలైన వాటికి ఏం అమ్మినా సరే క్రెడిట్ లేదు. జీఎస్టీ చట్టంలో 17(5) సెక్షన్ కింద ఉన్న బ్లాక్డ్ క్రెడిట్‌కు ఇది పూర్వ రూపం. మినహాయింపుకూ బ్లాక్‌కూ తేడా ఇక్కడే గట్టిగా పట్టుకోవాలి. మినహాయింపు వల్ల పోయే క్రెడిట్ మనం ఏం అమ్ముతామన్న దాన్ని బట్టి ఉంటుంది. బ్లాక్ అయ్యేది మనం ఏం కొన్నామన్న దాన్ని బట్టి ఉంటుంది. భువనేశ్వర్‌లో మాల్ కట్టి అద్దెకిచ్చిన సఫారీ రిట్రీట్స్ వారి అద్దె మీద పూర్తి జీఎస్టీ ఉంది, అయినా కట్టడం ఖర్చు మీది క్రెడిట్ బ్లాక్ అయింది. 2024 అక్టోబర్ 3న సుప్రీంకోర్టు, చట్టంలో ‘ప్లాంట్ లేదా మెషినరీ’కి ఆ బ్లాక్ లేదని ఉంది కాబట్టి కొన్ని కట్టడాలు వాటి వాడకాన్ని బట్టి ప్లాంట్ కావచ్చని తలుపు కాస్త తెరిచింది. 2025 ఫైనాన్స్ చట్టం ‘లేదా’ను ‘మరియు’గా మార్చి, అదీ 2017 జూలై 1 నుంచే వర్తించేలా, ఆ తలుపు మూసేసింది. వెనక తేదీ నుంచి ఇలా మార్చడం న్యాయం కాదని నా అభిప్రాయం. అయినా లెక్క రాసేవాళ్లు ఇప్పుడున్న చట్టం ప్రకారమే రాయాలి.

2017 జూలై 1న మొదలైన జీఎస్టీలో 42వ నిబంధన పాత పాఠాలన్నింటినీ ఒక వరసలో పెట్టింది. గుంటూరులో ఒక సూపర్ మార్కెట్ ఉందనుకుందాం. ఒక నెలలో దానికి వచ్చిన క్రెడిట్ మొత్తం 3,00,000 రూపాయలు. కేంద్ర, రాష్ట్ర, ఐజీఎస్టీలకు ఈ లెక్క విడివిడిగా చేయాలి. ఇక్కడ అర్థం కావడానికి కలిపి చెబుతున్నాను.

ముందు తీసేయాల్సినవి మూడు. యజమాని ఇంటికి తీసుకెళ్లిన సరుకుల మీద 4,000. కూరగాయల కోసమే వాడిన ప్లాస్టిక్ ట్రేల మీద 16,000. యజమాని కారు సర్వీసింగ్, సిబ్బందికి పండగ భోజనాల కేటరింగ్ మీద 10,000. ఈ చివరిది బ్లాక్డ్ క్రెడిట్. సరుకు చేరవేసే వ్యాన్ మాత్రం బ్లాక్ కాదు, దాన్ని ఇందులో కలపకూడదు. ఇవి పోగా మిగిలింది 2,70,000. అందులో సబ్బులు, బిస్కెట్ల వంటి పన్ను సరుకుకే చెందినది 2,30,000. అది పూర్తిగా వస్తుంది. మిగిలిన 40,000 అద్దె, సెక్యూరిటీ, ప్రకటనలు, ఆడిటర్ ఫీజు మీది ఉమ్మడి క్రెడిట్. నిబంధన దీన్ని C2 అంటుంది. భాగహారం దీనికే.

```
D1 = (E ÷ F) × C2
D2 = C2 × 5%
C3 = C2 − (D1 + D2)
```

E ఆ నెల మినహాయింపు అమ్మకాలు, 9 లక్షలు. F రాష్ట్రంలోని మొత్తం టర్నోవర్, పన్ను కాకుండా 30 లక్షలు. నిష్పత్తి 30 శాతం కాబట్టి D1 12,000. షాపు పైన యజమాని కుటుంబం ఉంటూ అదే కాపలాదారును, అదే ఇంటర్నెట్‌ను వాడుకుంటోంది కనుక D2 కూడా ఉంది, 2,000. సొంత వాడకం లేని చోట D2 అవసరం లేదు. మిగిలే C3 26,000. ఈ నెల వాడుకోదగ్గ క్రెడిట్ 2,56,000.

2008 నాటి రాతలా 3 లక్షల మీదే 30 శాతం వేస్తే 90,000 పోయేది. సరైన లెక్కలో పోయింది 44,000. దీనికి ఎదురు పొరపాటు కూడా మామూలే. బ్లాక్ అయిన 10,000ను ముందు తీయకుండా ఉమ్మడిలో వదిలేస్తే C2 50,000 అవుతుంది, C3 32,500 వస్తుంది. రావలసిన దాని కంటే 6,500 ఎక్కువ తీసుకున్నట్టు. ఆడిట్‌లో దీన్ని పట్టుకోవడం కష్టం కాదు. కారు మరమ్మతు, కేటరింగ్ బిల్లులు ఖర్చుల ఖాతాలో ఉండి, GSTR-3B రిటర్న్‌లోని 4(B)(1) గడిలో వాటి మొత్తం కనిపించకపోతే చాలు. 2022 జూలైలో వచ్చిన 170వ సర్క్యులర్ తర్వాత క్రెడిట్ మొత్తం 4(A)లో చూపి, 42వ నిబంధన, 17(5) రివర్సల్స్ రెంటినీ ఆ గడిలోనే వేయాలి.

నెల లెక్క తాత్కాలికమే. ఏడాది పూర్తయ్యాక మొత్తం E, మొత్తం F తీసుకుని మళ్లీ చేయాలి. మన షాపులో ఏడాది ఉమ్మడి క్రెడిట్ 4,80,000, టర్నోవర్ 4 కోట్లు, అందులో మినహాయింపు 1.4 కోట్లు అనుకుంటే నిష్పత్తి 35 శాతం, D1 1,68,000. నెలనెలా వేసింది 1,50,000 అయితే తేడా 18,000ను తర్వాతి సంవత్సరపు సెప్టెంబర్ రిటర్న్ గడువు లోగా, ఏప్రిల్ 1 నుంచి 18 శాతం వడ్డీతో కట్టాలి. ఎక్కువ వేసి ఉంటే ఆ తేడాను అదే గడువు లోగా తిరిగి తీసుకోవచ్చు. ఇలా తీసుకోకుండా వదిలేసే చిన్న వ్యాపారులు చాలామంది ఉన్నారు. అది వాళ్ల డబ్బే.

E లెక్కలో మరిచిపోయేవి కొన్ని ఉంటాయి. వ్యాపారం ఖాతాలోని స్థలం అమ్మితే, స్టాంపు డ్యూటీకి తీసుకున్న విలువ మొత్తం E లో చేరుతుంది. 60 లక్షల స్థలం అమ్మిన నెలలో పై షాపు E 9 లక్షల నుంచి 69 లక్షలకు ఎగబాకుతుంది. షేర్లు అమ్మితే అమ్మకం విలువలో 1 శాతమే చేరుతుంది. బ్యాంకు డిపాజిట్ వడ్డీ, బ్యాంకులూ ఆర్థిక సంస్థలూ కాని వారికి, చేరనే చేరదు.

ఈ మధ్య E ని పెద్దగా కదిపింది 2025 సెప్టెంబర్ 22 నాటి రేట్ల మార్పు. యూహెచ్‌టీ పాలు, ప్యాకెట్ పనీర్, రొట్టెలు, నోటు పుస్తకాలు పన్ను సరుకుల వరసలోంచి సున్నా వరసలోకి వచ్చాయి. ఆ రోజు గోదాంలో మిగిలిన ఆ సరుకుల మీద ముందే తీసుకున్న క్రెడిట్‌ను 18(4) సెక్షన్ కింద వెనక్కి వేయాలి. ఇది 42వ నిబంధన లెక్కలోకి రాదు, విడి పని. అప్పటి దాకా వాటి మీద తీసుకున్న క్రెడిట్ పూర్తిగా పన్ను సరుకు వాటాలో ఉండేది. ఆ రోజు నుంచి వాటి కొనుగోళ్ల మీద పన్నే లేదు, అమ్మకాలు మాత్రం E లో చేరుతున్నాయి. కాబట్టి అదే అద్దెకు, అదే ఆడిటర్ ఫీజుకు వచ్చే క్రెడిట్ తగ్గుతుంది. సగం ఏడాది ఒక రకంగా, సగం ఏడాది ఇంకో రకంగా నడిచిన ఆ 2025–26 సంవత్సరానికి తుది నిష్పత్తి మాత్రం ఏడాది మొత్తానికి ఒక్కటే. దాని సర్దుబాటుకు గడువు 2026 సెప్టెంబర్ రిటర్న్.