వేలల్లో పోయే సరుకు, అప్పుడొకటి ఇప్పుడొకటి పోయే సరుకు: ఒకే కొలబద్ద కోసం నాలుగు దశాబ్దాల వెతుకులాట

వారానికి వెయ్యి అమ్ముడయ్యే వస్తువు విషయంలో అంచనా 40 తప్పితే అది మంచి అంచనాయే. వారానికి ఒకటి కూడా పోని వస్తువు విషయంలో 2 తప్పినా అది పెద్ద తప్పే. ఈ రెంటినీ కలిపి, ఏ అంచనా పద్ధతి మెరుగో ఒక్క అంకెతో చెప్పాలంటే ఏ తప్పును దేనితో భాగించాలి? వినడానికి చిన్న ప్రశ్నే, కానీ అంచనాల రంగం దీనితో నలభై ఏళ్లుగా కుస్తీ పడుతోంది.

1982లో అంచనాల పరిశోధకుడు స్పైరోస్ మక్రిడాకిస్ బృందం 1001 కాల శ్రేణుల మీద, అంటే కాలక్రమంలో నమోదైన అంకెల వరుసల మీద, రకరకాల పద్ధతులను పోటీకి పెట్టింది. ఎం-పోటీ అన్న పేరు దానికే వచ్చింది. ఫలితాలను కొలిచిన సాధనాల్లో తప్పుల వర్గాల సగటు ఒకటి, అంటే ఒక్కో తప్పును దానితోనే గుణించి తీసిన సగటు. కొన్నేళ్ల తర్వాత, 1988లో, గణాంక శాస్త్రవేత్త క్రిస్ చాట్‌ఫీల్డ్ ఆ లెక్కలు తిరగేసి చూస్తే అసలు సంగతి బయటపడింది. ఆ కొలత ప్రకారం వచ్చిన ర్యాంకులను దాదాపుగా ఐదు శ్రేణులే నిర్ణయించాయి. మిగతా 996 శ్రేణులు ఉన్నా లేనట్టే. అంకెలు పెద్దవైన శ్రేణిలో తప్పూ పెద్దదే, దాన్ని వర్గం చేస్తే ఇంకా పెద్దది, సగటులో అదే అన్నిటినీ మింగేస్తుంది. పద్ధతుల మధ్య పోటీ అనుకున్నది నిజానికి ఆ ఐదు శ్రేణుల మీద ఎవరు నెగ్గారన్న లెక్కగా మిగిలింది.

దీనికి అందరికీ ముందుగా తట్టే మందు శాతం. తప్పును అసలు అమ్మకంతో భాగిస్తే సైజు గొడవ పోతుంది. దీన్నే మేప్ అంటారు. పెద్ద అమ్మకాల దగ్గర ఇది బాగానే నడుస్తుంది. కానీ అమ్మకం సున్నా అయిన వారంలో భాగహారమే కుదరదు. అమ్మకం 1, అంచనా 4 అయితే తప్పు 300 శాతం. అదే అమ్మకం 4, అంచనా 1 అయితే 75 శాతమే. తప్పు రెండుచోట్లా మూడే. కాబట్టి మేప్‌తో కొలిస్తే తక్కువ చెప్పేవాడే గెలుస్తాడు. తర్వాత భాగించే చోట అసలు అమ్మకం, అంచనా రెంటి సగటు పెట్టి ఎస్‌మేప్ తెచ్చారు, 2000లో ఫలితాలు వెలువడిన ఎం3 పోటీలో దాన్నే వాడారు. సున్నా వారానికి అదీ మందు కాలేదు. అమ్మకం సున్నా అయినప్పుడు అంచనా 0.1 అన్నా 50 అన్నా ఎస్‌మేప్ మాత్రం 200 శాతమే. తప్పు ఎంతన్నది చెప్పని కొలతతో ఏం చేసుకుంటాం?

2006లో గణాంక నిపుణులు రాబ్ హైండ్‌మన్, ఆన్ కోలర్ భాగించే అంకెను వేరేచోట వెతికారు. అంచనా వేసిన కాలంలోని అమ్మకంతో కాదు, అదే వస్తువు పాత చరిత్రతో భాగిద్దామన్నారు. పోయినవారం ఎంత పోతే ఈ వారమూ అంతే పోతుందని గుడ్డిగా చెబుతూ వచ్చి ఉంటే ఆ చరిత్రలో సగటున ఎంత తప్పేవాళ్లం? ఆ అంకే కొలబద్ద. దీని పేరు మేస్. సీజన్ ఉన్న శ్రేణికైతే పోయిన వారం బదులు పోయిన సీజన్‌లోని అదే కాలాన్ని తీసుకుంటారు.

ఒక వస్తువు ఆరు వారాల అమ్మకాలు 900, 1000, 950, 1050, 1000, 1100 అనుకుందాం. వారం వారం తేడాలు 100, 50, 100, 50, 100. సగటు 80. తర్వాతి మూడు వారాలకు 1060 చొప్పున అంచనా వేస్తే 1040, 1020, 1120 పోయాయి. తప్పులు 20, 40, 60. సగటు 40. నలభైని ఎనభైతో భాగిస్తే మేస్ 0.5. పాత కాలంలో గుడ్డి అంచనా తప్పిన దాంట్లో సగమే తప్పామన్నమాట. ఈ అంకెకు యూనిట్ లేదు, కాబట్టి ఏ వస్తువు అంకె పక్కనైనా పెట్టవచ్చు. అయితే 1 దాటగానే గుడ్డి అంచనా కంటే అధ్వాన్నమని తీర్పు చెప్పేయడం పొరపాటు. భాగించే అంకె ఒక్క వారం ముందుకు చూసినది, మన అంచనా మూడు వారాలు ముందుకు చూస్తోంది.

ఇప్పుడు నిదానంగా పోయే వస్తువు. పది వారాల చరిత్ర 2, 0, 0, 1, 0, 0, 3, 0, 0, 0. తేడాల మొత్తం 10, తేడాలు తొమ్మిది, సగటు 1.11. తర్వాతి నాలుగు వారాల్లో 0, 0, 2, 0 పోయాయి. ఒకరు చరిత్ర సగటు 0.6ను అంచనాగా ఇచ్చారు. మరొకరు ఏమీ పోదు పొమ్మని అన్ని వారాలకూ సున్నా రాశారు. మొదటివారి తప్పుల సగటు 0.8, మేస్ 0.72. రెండోవారి తప్పుల సగటు 0.5, మేస్ 0.45. సున్నా రాసినవారే గెలిచారు! ఆ అంచనాను నమ్మితే ఆ సరుకు ఎప్పటికీ తెప్పించరు.

ఇందులో భాగించే అంకె దోషం లేదు. తప్పుల పరిమాణాల సగటును తగ్గించేది సగటు అమ్మకం కాదు, మధ్యగతం. సగానికి పైగా వారాలు సున్నాలైతే మధ్యగతం సున్నాయే. నాకు ఈ కథంతటిలో ముఖ్యమైన మలుపు ఇదే అనిపిస్తుంది. సైజు తేడాను తుడిచేస్తే చాలనుకున్నారు గానీ, కొలత ఏ అంచనాను కోరుకుంటోందన్నది వేరే ప్రశ్న.

2018 నాటి ఎం4 పోటీ లక్ష శ్రేణుల మీద ఎస్‌మేప్, మేస్ రెంటినీ కలిపి వాడింది. 2020 నాటి ఎం5 వాల్‌మార్ట్ దుకాణాల రోజువారీ అమ్మకాలను తీసుకుంది. వస్తువు, దుకాణం జంటగా అడుగున 30,490 శ్రేణులు, వాటిని కూడిన పై స్థాయి మొత్తాలతో కలిపి 42,840. అడుగున ఎక్కువ భాగం సున్నాలే. మేస్ పెట్టి ఉంటే సున్నాకు దగ్గరగా ఉండే అంచనాలకే మేలు జరిగేది. అందుకే నిర్వాహకులు వర్గాల వైపు వెళ్లారు. వర్గాల సగటును తగ్గించేది సగటు అమ్మకమే కదా. ఆర్‌ఎంఎస్‌ఎస్‌ఈ అనే ఈ రూపం కొత్తదేమీ కాదు, 2006 నాటి హైండ్‌మన్, కోలర్ పేపరే దాన్ని ప్రస్తావించింది. కింది సూత్రాల్లో e అంటే మన అంచనా తప్పు, y[t] అంటే చరిత్రలో t అనే కాలపు అమ్మకం.

```
MASE  = mean(|e|) / mean(|y[t] - y[t-1]|)
RMSSE = sqrt( mean(e^2) / mean((y[t] - y[t-1])^2) )
```

అదే వస్తువును దీనితో కొలుద్దాం. తేడాల వర్గాల సగటు 24/9, అంటే 2.67. సున్నా అంచనా తప్పుల వర్గాల సగటు 1, మార్కు 0.61. 0.6 అంచనాకు వర్గాల సగటు 0.76, మార్కు 0.53. తక్కువ మార్కే మేలు కాబట్టి వరుస తిరగబడింది. చాట్‌ఫీల్డ్ తప్పుపట్టిన వర్గమే తిరిగొచ్చింది, కానీ ఈసారి ఒక్కో శ్రేణినీ దాని చరిత్రతో భాగించాకే సగటు కట్టారు. ఆ సగటులో డబ్బు రూపంలో ఎక్కువ అమ్ముడయ్యే శ్రేణులకు ఎక్కువ బరువిచ్చారు. సైజును ఒక తలుపు నుంచి బయటికి పంపి, మరో తలుపు నుంచి కావాలనే లోపలికి పిలిచినట్టు. నాకది సబబే అనిపిస్తుంది. బరువు ఎంతన్నది చాటుగా కాక పైకే చెప్పి ఇచ్చారు.

భాగించే అంకె మాత్రం ఇప్పటికీ జాగ్రత్త అడుగుతుంది. నిదానంగా పోయే ఆ వస్తువు మార్కెట్లోకి రాకముందు 30 వారాల సున్నాలు డేటాలో ఉన్నాయనుకోండి. తేడాల మొత్తం 12, తేడాలు 39. కొలబద్ద 1.11 నుంచి 0.31కి కుంగుతుంది. 0.6 అంచనా ఏమీ మారకుండానే దాని మేస్ 0.72 నుంచి 2.6కి ఎక్కుతుంది. ఎం5లో కొలబద్దను మొదటి అమ్మకం జరిగిన రోజు నుంచే లెక్కించడం ఇందుకే. దీనికి తలకిందుల కేసూ ఉంది. మొదటి వస్తువు మూడో వారంలో స్టాకు అయిపోయి 950 బదులు సున్నా నమోదైతే, తేడాలు 100, 1000, 1050, 50, 100 అవుతాయి. కొలబద్ద 80 నుంచి 460కి ఉబ్బుతుంది. అవే 40 యూనిట్ల తప్పుకు మేస్ 0.5 నుంచి 0.09కి పడిపోతుంది. అంచనా అద్భుతంగా కనిపిస్తుంది. అందుకే మార్కు మరీ తక్కువగా వచ్చిన వస్తువులను పక్కన పెట్టుకుని, వాటి చరిత్రలోని సున్నాలు గిరాకీ లేక వచ్చినవా, సరుకు లేక వచ్చినవా అని స్టాకు రికార్డుతో సరిచూడాలి.