బోరు నీళ్లలో ఐరనూ, మన క్యాలిబ్రేషన్ గీతా: కొన్ని అపోహలు

తిరుపతిలో డిగ్రీ పిల్లలకు కెమిస్ట్రీ ప్రాక్టికల్స్ చేయిస్తుంటాను. ఈమధ్య ఒకమ్మాయి శ్రీకాళహస్తి వైపు వాళ్ల ఊరి బోరు నీళ్లు తెచ్చింది, బకెట్లకు ఎర్ర మరక పడుతోందని. చంద్రగిరి నుంచి ఇంకో సీసా వచ్చింది, అది తేటగానే ఉంది. ఫినాంత్రోలిన్ వేస్తే ఐరన్ నారింజ రంగుకు తిరుగుతుంది, ఆ రంగు 510 నానోమీటర్ల వెలుగును ఎంత మింగుతుందో మెషీన్‌లో చూస్తాం. ఐరన్ ఎంతుందో ముందే తెలిసిన స్టాండర్డ్స్, లీటరుకు 0.5 నుంచి 4 మిల్లీగ్రాముల దాకా పెడితే A = 0.199C + 0.030 అని గీత వచ్చింది; A అంటే మెషీన్ రీడింగ్, C అంటే లీటరుకు ఎన్ని మిల్లీగ్రాముల ఐరన్ అని.

అపోహ: గీత సున్నా గుండానే పోవాలి.

ఎక్సెల్‌లో గీతను సున్నా గుండా పంపే టిక్కు పెట్టేస్తారు! మేము మెషీన్‌ని డిస్టిల్డ్ వాటర్‌తో సున్నా చేశాం. యాసిడ్‌లో, మిగతా రీఏజెంట్లలో ఉండే కాస్త ఐరనే ఆ 0.030. అవే రీఏజెంట్లు శాంపిల్‌లోనూ పడతాయి కాబట్టి దాన్ని తీసేయాల్సిందే. చంద్రగిరి సీసా రీడింగ్ 0.090, అంటే 0.30 మిల్లీగ్రాములు. గీతను బలవంతంగా సున్నాకి లాగితే అదే 0.43 అయి కూర్చుంటుంది.

అపోహ: గీత ఉంది కదా, పైకి పొడిగించుకోవచ్చు.

బోరు నీళ్లు 1.350 చూపించాయి. "6.6 వచ్చింది సార్" అంది ఆ అమ్మాయి. మన ఆఖరి స్టాండర్డ్ 4, దాని రీడింగ్ 0.83 కూడా లేదు, ఆ పైన గీత ఎటు పోతుందో మనం చూడనే లేదు. శాంపిల్ 10 మి.లీ. తీసుకుని 50కి పలచన చేసి, మళ్లీ మొదటి నుంచి రంగు తెప్పించమన్నాను (రంగొచ్చిన ద్రావణంలో నీళ్లు కలిపితే కుదరదు, రీఏజెంట్లు కూడా పలచబడి ఆ 0.030 లెక్క తప్పుతుంది). ఈసారి 0.340 వచ్చింది. అంటే 1.56, ఐదుతో గుణిస్తే 7.8. ఒక మిల్లీగ్రాముకు పైనే తేడా. మా పాత మెషీన్‌లో శాంపిల్ గుండా పోకుండా పక్కదారిన డిటెక్టర్‌కి చేరే వెలుగు కొంత ఉంటుంది. రంగు పలచగా ఉంటే అది లెక్కలోకి రాదు, చిక్కబడేకొద్దీ రీడింగ్‌ని కిందికి లాగేస్తుంది.

అపోహ: R², అంటే పాయింట్లు గీతకు ఎంత దగ్గరగా ఉన్నాయో చెప్పే నంబర్, 0.99 వస్తే చాలు.

6, 8 మిల్లీగ్రాముల స్టాండర్డ్స్ కూడా చేర్చి చూశాం, ఆ చివర గీత వంగింది. అయినా R² 0.99 దగ్గరే ఉంది. ఆ కొత్త గీత మీద చంద్రగిరి నీళ్లు చూస్తే 0.30 కాస్తా 0.05కి పడిపోయింది. పాయింట్లు గీతకు ఎటువైపు ఉన్నాయో చూస్తే దొరికిపోతుంది: రెండు చివర్లా గీత కింద, మధ్యలోవి పైన. పిల్లలు నంబర్ ఒక్కటే చూసి రికార్డులో రాసేస్తారు, గ్రాఫ్ మీద స్కేలు పెట్టి చూడరు.