అసలు తగ్గని అప్పు: ప్రీ-ఈఎంఐ వివాదం వెనుక ఉన్న చెల్లింపుల పట్టిక

షాద్‌నగర్ వైపు నిర్మాణంలో ఉన్న ఒక అపార్ట్‌మెంటులో ఫ్లాట్లు కొన్న మహబూబ్‌నగర్, జడ్చర్ల ఉద్యోగులు కొందరు మళ్ళీ ఫిర్యాదుకు సిద్ధమయ్యారు. ఒప్పందంలో రాసిన గడువు దాటి ఏడాదిన్నర అవుతున్నా తాళాలు చేతికి రాలేదు. బ్యాంకుకు మాత్రం ప్రతి నెలా వడ్డీ కట్టక తప్పడం లేదు. వారిలో ఒక ఉపాధ్యాయుడు లోను ఖాతా స్టేట్‌మెంటు ముందు పెట్టి, "అసలు అట్లనే ఉంది సార్, మిత్తి ఒక్కటే కడుతున్నం" అన్నారు. ఆ కాగితంలో నెల నెలా ఒకే వరుస కనిపిస్తుంది: వడ్డీ వేశారు, వడ్డీ కట్టారు, బాకీ నలభై అయిదు లక్షలు.

ప్రీ-ఈఎంఐ అంటే బ్యాంకు అప్పటిదాకా విడుదల చేసిన సొమ్ముపై వడ్డీ మాత్రమే కట్టే వాయిదా అని, పూర్తి ఈఎంఐ తర్వాత మొదలవుతుందని ఇప్పుడు ఇల్లు కొనేవారందరికీ తెలుసు. ఆ వడ్డీ ఇంత బరువు కావడానికి కారణం తెలియాలంటే 2013కు వెళ్ళాలి.

అంతకుముందు కొన్ని బ్యాంకులు ఎనభై-ఇరవై వంటి పథకాల కింద, పునాది కూడా లేని ప్రాజెక్టులకు రుణంలో అధిక భాగాన్ని ఒకేసారి బిల్డరుకు ఇచ్చేవి. ఆ కాలపు వడ్డీని బిల్డరు కడతానని మాట ఇచ్చేవాడు. అతను ఆపేస్తే రుణచరిత్ర చెడిపోయేది కొనుగోలుదారుడిదే. 2013 సెప్టెంబరు 3న రిజర్వు బ్యాంకు దీనిని ఆపమంది. గృహరుణం విడుదల నిర్మాణ దశలతో ముడిపడి ఉండాలని, పూర్తికాని ప్రాజెక్టులకు ముందస్తుగా మొత్తం సొమ్ము ఇవ్వకూడదని బ్యాంకులకు చెప్పింది. అది మంచి ఆదేశమే. కానీ ఏ దశకు ధరలో ఎంత శాతం అన్నది ఆ ఆదేశం చెప్పలేదు. ఆ శాతాలు బిల్డరు తయారుచేసే అగ్రిమెంటు పట్టికలోనే ఉండిపోయాయి, బ్యాంకులు ఆ పట్టికనే తమ విడుదల క్రమంగా తీసుకున్నాయి. నేటి తగాదాకు మూలం నా దృష్టిలో ఇదే.

ఆ ఉపాధ్యాయుడి లెక్కనే చూద్దాం. ఫ్లాటు ధర 60 లక్షలు. బుకింగుకు, అగ్రిమెంటుకు కలిపి ఇరవై శాతం, అంటే 12 లక్షలు, ఆయన సొంత డబ్బు. మిగతా 48 లక్షలు తొమ్మిది శాతం వడ్డీకి తీసుకున్న రుణం. పట్టిక ప్రకారం పునాది పూర్తికాగానే పదిహేను శాతం, రెండో స్లాబుకు పదిహేను, నాలుగో స్లాబుకు పదిహేను, చివరి స్లాబుకు మరో పదిహేను. ఈ నాలుగు విడతల మధ్య నాలుగేసి నెలల వ్యవధి. ఆపై గోడలు, ప్లాస్టరింగుకు పది శాతం, ఫ్లోరింగుకు అయిదు, తాళాలు ఇచ్చేనాడు చివరి అయిదు.

మొదటి విడత తొమ్మిది లక్షలపై నెలవడ్డీ 6,750 రూపాయలు. చివరి స్లాబు పడిన పన్నెండో నెలకే 36 లక్షలు బయటికి వెళ్ళి, నెలవడ్డీ 27,000 అయింది. పదిహేనో నెలలో 42 లక్షలకు 31,500, పద్దెనిమిదో నెలలో 45 లక్షలకు 33,750. రుణం మొదలైన నాటినుంచి ఇరవైనాలుగో నెలలో ఫ్లాటు చేతికి వచ్చి ఉంటే కట్టిన వడ్డీ మొత్తం 5,40,000 అయ్యేది. అది రాలేదు. తర్వాతి పద్దెనిమిది నెలలకు, నెలకు 33,750 చొప్పున, మరో 6,07,500 కట్టారు. అంటే కట్టుబడి జరిగిన రెండేళ్ళకన్నా, ఏ పనీ ముందుకు సాగని ఏడాదిన్నరకే ఎక్కువ వడ్డీ పోయింది. ఇంటి అద్దె దీనికి అదనం.

చివరి స్లాబు పడేసరికి బిల్డరుకు ధరలో ఎనభై శాతం అందిపోయింది. లిఫ్టు, కరెంటు, నీటి లైన్లు, ఫ్లోరింగు, అధికారులిచ్చే నివాసయోగ్యతా పత్రం అన్నీ ఇంకా మిగిలే ఉన్నాయి. పని నిలిచిపోవడం సాధారణంగా ఈ దశలోనే. బిల్డరుకు రావలసింది స్వల్పం, కొనుగోలుదారుడు కట్టవలసిన నెలవడ్డీ గరిష్ఠం. స్థలం, ఉక్కు, సిమెంటు ఖర్చు మొదట్లోనే పెట్టాలి కనుక పట్టిక అలా ఉండక తప్పదని బిల్డర్లు అంటారు. ఆ మాటలో కొంత నిజముంది. అయితే ఆలస్యం భారం ఎవరి మీద పడాలన్న ప్రశ్నకు అది జవాబు కాదు.

స్థిరాస్తి ప్రాజెక్టులను నియంత్రించే 2016 నాటి రెరా చట్టం, కొనుగోలుదారుల నుంచి వచ్చిన సొమ్ములో డెబ్బై శాతాన్ని విడి ఖాతాలో ఉంచాలని, ఇంజినీరు, ఆర్కిటెక్టు, చార్టర్డ్ అకౌంటెంటు ధ్రువీకరించిన పని మేరకే తీయాలని నిర్దేశించింది. అది బిల్డరు ఖాతానుంచి సొమ్ము తీయడానికి పెట్టిన కట్టుబాటు. బ్యాంకు విడుదల చేసిన సొమ్ము ఆ ఖాతాలో కదలకుండా ఉన్నా, కొనుగోలుదారుడి వడ్డీ మాత్రం విడుదలైన రోజునుంచే నడుస్తుంది. 2019 జులైలో జాతీయ గృహనిర్మాణ బ్యాంకు, బిల్డరే వడ్డీ కట్టే పథకాలను మానుకోమని హౌసింగ్ ఫైనాన్స్ సంస్థలకు చెప్పింది. ఢిల్లీ పరిసరాల్లోని అలాంటి పథకాలపైనే సుప్రీంకోర్టు 2025లో సీబీఐ దర్యాప్తుకు ఆదేశించింది. షాద్‌నగర్ ఫిర్యాదుదారులకు అలాంటి పథకం ఏదీ లేదు. మొదటి రూపాయి నుంచి వడ్డీ వారిదే.

వారి చేతిలో ఉన్నది రెరా పద్దెనిమిదో సెక్షను. ప్రాజెక్టులో కొనసాగదలచిన కొనుగోలుదారుడికి, ఆలస్యమైన ప్రతి నెలకూ స్వాధీనం ఇచ్చేవరకు బిల్డరు వడ్డీ చెల్లించాలి. తెలంగాణ నిబంధనల్లో ఆ రేటు స్టేట్ బ్యాంకు గరిష్ఠ ఎంసీఎల్ఆర్‌కు, అంటే నిధుల వ్యయాన్నిబట్టి ఆ బ్యాంకు నిర్ణయించుకునే ప్రామాణిక రుణరేటుకు, మరో రెండు శాతం కలిపినది. రేటు పదకొండు శాతం అనుకుంటే, ఉపాధ్యాయుడి తరఫున ఇప్పటిదాకా చేరిన 57 లక్షలపై నెలకు 52,250 రూపాయలు వస్తాయి. అది ఆయన ప్రీ-ఈఎంఐకన్నా ఎక్కువ. అయితే అడిగి, ఆదేశం తెచ్చుకుంటే తప్ప అది రాదు. ఆదేశం వచ్చేవరకు బ్యాంకు వడ్డీ ఆగదు.

రెరాలో నమోదు గడువు పొడిగించారు కనుక ఆలస్యమే జరగలేదన్నది బిల్డరు వాదన. 2020 నవంబరులో ఇంపీరియా స్ట్రక్చర్స్ కేసులో సుప్రీంకోర్టు, గడువును అగ్రిమెంటు ప్రకారమే లెక్కించాలి తప్ప నమోదు తేదీనిబట్టి కాదని చెప్పింది. ఆ తీర్పు తర్వాత ఈ వాదన నిలవడం కష్టం.

బ్యాంకు చెప్పేది వేరు: విడత సొమ్ము అడుగుతూ బిల్డరు పంపే డిమాండ్ లెటరు వచ్చింది, రుణగ్రహీత సంతకం ఉంది, తమ ఇంజినీరు స్థలం చూసి నివేదిక ఇచ్చాడు, సొమ్ము విడుదల చేశాం. ఫిర్యాదుదారుల్లో కొందరు లోను తీసుకున్న రోజే విడుదల పత్రాలన్నిటిపై తేదీలు లేకుండా సంతకాలు చేశామంటున్నారు. అందుకే వారు ఇప్పుడు అడుగుతున్నది ప్రతి విడతకు సంబంధించిన తనిఖీ నివేదిక ప్రతి. ఫ్లోరింగు విడత విడుదలైన తేదీనాటికి అక్కడ ఫ్లోరింగు నిజంగా వేశారా అన్నది ఆ నివేదికలోని ఫొటోలతో తేలుతుంది. సొమ్ము బిల్డరు ఖాతాలో పడకముందు నుంచే వడ్డీ వేశారా అన్నదీ స్టేట్‌మెంటులో చూస్తున్నారు. మంజూరు తేదీ నుంచో, చెక్కుపై రాసిన తేదీ నుంచో వడ్డీ లెక్కకట్టడం తప్పని రిజర్వు బ్యాంకు 2024 ఏప్రిల్‌లోనే చెప్పి, అలా వసూలు చేసినది తిరిగి ఇవ్వమంది. ఉపాధ్యాయుడి మంజూరు పత్రంలో మరో షరతు ఉంది: మొదటి విడత నాటినుంచి 48 నెలలు నిండితే, ఫ్లాటు చేతికి వచ్చినా రాకపోయినా ఇరవై ఏళ్ళ లెక్కన పూర్తి ఈఎంఐ మొదలవుతుంది. 48 లక్షలూ విడుదలైతే అది నెలకు సుమారు 43,190 రూపాయలు. ఆ గడువుకు ఇంక ఆరు నెలలే ఉంది.