తెలుగులో రాసిన పేపరును ఎవరు దిద్దారు?

తెలంగాణ గ్రూప్‌-1 గురించి మాట మొదలవగానే లీకేజీ, రెండుసార్లు ప్రిలిమ్స్ రద్దు గుర్తొస్తాయి. అవి అందరికీ తెలిసినవే. 2025లో కోర్టుకెక్కిన తగవుకు మూలం మాత్రం అక్కడ లేదు, పేపర్లు దిద్దిన బల్లల దగ్గర ఉంది.

563 పోస్టుల కోసం 2024 అక్టోబరులో మెయిన్స్ జరిగాయి. ఆ పరీక్షను ఇంగ్లిష్, తెలుగు, ఉర్దూల్లో రాయొచ్చు. 2025 మార్చిలో మార్కులు బయటికొచ్చాక, తెలుగు మాధ్యమం వాళ్ల జవాబులను సరిగా దిద్దలేదంటూ కొందరు హైకోర్టుకు వెళ్లారు. సబ్జెక్టు నిపుణులతోనే దిద్దించామని, వివక్షేమీ లేదని పరీక్ష పెట్టిన పబ్లిక్ సర్వీస్ కమిషన్ చెప్పింది. సెప్టెంబరు 9న సింగిల్ జడ్జి తుది మార్కుల జాబితాను, ర్యాంకుల జాబితాను కొట్టేశారు. ‘మోడరేషన్’ పాటించి పేపర్లు మళ్లీ దిద్దించాలని, ఎనిమిది నెలల్లో అది కాకపోతే మెయిన్స్ మళ్లీ పెట్టాలని ఆదేశించారు.

ఈ మోడరేషన్ అనే మాట ఎక్కడిదో తెలియాలంటే 2007కు వెళ్లాలి. ఉత్తరప్రదేశ్‌లో సివిల్ జడ్జి పోస్టుల పరీక్షపై సంజయ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది ఆ ఏడాదే. అభ్యర్థులందరూ రాసే ఒకే సబ్జెక్టును అనేకమంది దిద్దినప్పుడు, ఒకరు పిసినారిగా, ఇంకొకరు ధారాళంగా మార్కులు వేస్తారు. ఆ తేడాను సూత్రంతో చేసే ‘స్కేలింగ్’ సరిచేయలేదనీ, దానికి మోడరేషనే తగిన దారనీ కోర్టు చెప్పింది. అంటే దిద్దేవాళ్లంతా ముందే కూర్చుని జవాబు ఎలా ఉండాలో ఒప్పుకోవాలి. ప్రధాన పరీక్షకుడు కొన్ని పేపర్లు తీసి మళ్లీ చూడాలి. ఎవరిదైనా చెయ్యి మరీ బిగుతుగానో వదులుగానో ఉందని తేలితే, వాళ్లు దిద్దిన పేపర్లకు ఆ మేరకు మార్కులు కలపాలి, లేదా తగ్గించాలి.

రెండు భాషలు వచ్చేసరికి ఈ పద్ధతి ఎక్కడ తడబడుతుందో ఒక లెక్కతో చూద్దాం. 150 మార్కుల పేపర్లో ఇంగ్లిష్ జవాబులు దిద్దిన వ్యక్తి సగటున 72 వేశారనుకోండి, తెలుగువి దిద్దిన వ్యక్తి 60 వేశారు. ఆ 12 మార్కుల తేడా దిద్దినవారి చేతిదా, రాసినవారిదా? సగటు చూసి చెప్పలేం, ఎందుకంటే ఇద్దరూ ఒకే కట్టను చూడలేదు. రెండు భాషలూ బాగా వచ్చిన మొదటి వ్యక్తికే ఒక ఇరవై తెలుగు పేపర్లు ఇచ్చి, రెండో వ్యక్తి వేసిన మార్కులు కనపడకుండా దిద్దించాలి. వాటికి రెండో వ్యక్తి సగటున 60 వేసి, మొదటివారు 69 వేస్తే, 9 మార్కులు చేతి బిగువు, మిగతా 3 జవాబుల్లోని తేడా. ఈ పని జరగకుండా ఒకే పేపరును ఇద్దరు తెలుగు పరీక్షకులతో దిద్దించినా లాభం తక్కువ. ఇద్దరి చెయ్యీ బిగుతుగానే ఉండొచ్చు కదా.

చేతి బిగువు కంటే లోతైనది మాటల తేడా. ఆర్థిక శాస్త్రంలో ఫిస్కల్ డెఫిసిట్‌ను తెలుగు పాఠ్యపుస్తకాలు ‘కోశ లోటు’ అంటాయి, పత్రికలు ‘ద్రవ్య లోటు’ అంటాయి. పాఠ్యపుస్తకాల్లోనే మానిటరీ పాలసీకి ‘ద్రవ్య విధానం’ అనే పేరు ఉంది. రోజూ పేపరు చదివి తయారైన అభ్యర్థి ‘ద్రవ్య లోటు’ అని రాస్తే, పుస్తకాలతో పెరిగిన పరీక్షకుడికి అది తప్పుగా తోచవచ్చు. నమూనా జవాబు ఇంగ్లిష్‌లో మాత్రమే ఉంటే ఏ తెలుగు మాటలు చెల్లుతాయో తేల్చేవారు ఉండరు. ఇంగ్లిష్‌లో రాసినవాళ్లకు ఈ ఇబ్బందే రాదు. దిద్దడానికి ముందే ప్రతి ప్రశ్నకూ ఒప్పుకోదగ్గ తెలుగు పదాల జాబితా ఒకటి చేతిలో పెడితే చాలావరకు ఇది తీరుతుంది.

ఇక్కడ ఉద్యోగం ఇచ్చేది ప్రభుత్వమే. డిప్యూటీ కలెక్టరా, డీఎస్పీనా అన్నది ర్యాంకు తేలుస్తుంది. రేపు ఆ అధికారి దగ్గరికి వచ్చే అర్జీలు చాలావరకు తెలుగులోనే ఉంటాయి. ఉమ్మడి రాష్ట్రంలో 1966లోనే చట్టం చేసి తెలుగును అధికార భాషగా ప్రకటించారు. అలాంటి యజమాని తెలుగు జవాబుకు వేసిన మార్కును తానే అనుమానంతో చూసే పరిస్థితి రాకూడదు. ‘తెలుగువాళ్లకు ఉదారంగా వేశారు’ అన్న మాట పుట్టినా, ‘కోత పెట్టారు’ అన్న మాట పుట్టినా నష్టం ఆ ర్యాంకుతో ఉద్యోగంలో చేరిన మనిషికే.

సెప్టెంబరు 24న డివిజన్ బెంచ్ సింగిల్ జడ్జి తీర్పును నిలిపివేసింది. మూడు రోజుల తర్వాత ఎంపికైనవారికి నియామక పత్రాలు అందాయి, తుది తీర్పుకు లోబడి.