పన్నెండు మీటర్ల రాడ్డులో మిగిలిపోయే ముక్క

ఇల్లు కడుతున్న చోటికి ఎప్పుడైనా వెళ్తే ఇసుక కుప్ప వెనకాలో నీళ్ల తొట్టి పక్కనో ఇనప ముక్కల కుప్ప ఒకటి కనిపిస్తుంది, జానెడువి, మూరెడువి, నిలువెత్తువి అన్నీ కలిసి తుప్పు పట్టి పడుంటాయి. చివర్లో పాత ఇనుము వాడొచ్చి కాటా వేసి పట్టుకుపోతాడు, మనం కొన్న రేటులో ఏ సగమో చేతికొస్తుంది. రాడ్డు పనంటే ఈ మాత్రం తుక్కు పోక తప్పదని చాలామంది అనుకుంటారు, నేనూ మొదటి సైట్లో అలాగే అనుకున్నా. కానీ ఆ కుప్పలో చాలా భాగం రాడ్డు కోసినప్పుడు పుట్టింది కాదండీ, ఏ రాడ్డులోంచి ఏ ముక్కలు తీయాలో ఎవరూ ముందు కూర్చుని రాసుకోకపోవడం వల్ల పుట్టింది.

లెక్కలోకి వెళ్లే ముందు ఒక చిన్న విషయం, ఎందుకంటే మన దగ్గర గొడవ ఇక్కడే మొదలవుతుంది. టీఎంటీ రాడ్డు మామూలుగా 12 మీటర్ల పొడవుతో వస్తుంది, సైట్లో మాత్రం అందరూ "నలభై అడుగుల రాడ్డు" అంటారు. 12 మీటర్లంటే 39 అడుగుల 4 అంగుళాలు, నలభై కాదు. ఎనిమిది అంగుళాలే కదా అని వదిలేస్తే ఏమవుతుందో చూడండి, పది అడుగుల ముక్కలు కావాలి, మేస్త్రీ రాడ్డుకి నాలుగు వస్తాయని మనసులో లెక్కేసుకుని రాడ్లు తెప్పించాడు, కోస్తే మూడే వచ్చాయి, నాలుగోది 9 అడుగుల 4 అంగుళాల దగ్గర ఆగిపోయింది. ప్రతి రాడ్డులోనూ అంతే. నాలుగో వంతు రాడ్డు అలా పక్కకి పోయిందన్నమాట. అందుకే నేను కటింగ్ లిస్టు మొత్తం మీటర్లలోనే రాస్తాను, అడుగులు అసలు కలపను.

ఇప్పుడు ఒక కేసు పూర్తిగా చూద్దాం. ఒక ఫ్లోరుకి 16 ఎంఎం రాడ్డులో మూడు సైజుల ముక్కలు కావాలి. బీముల్లో అడుగున వేసే మెయిన్ రాడ్లు 5.20 మీటర్లవి 24. కాలమ్ రాడ్లు 4.10 మీటర్లవి 20, ఇందులో 3.30 ఫ్లోర్ ఎత్తు, మిగతా 80 సెంటీమీటర్లు పై ఫ్లోర్ రాడ్డుతో కట్టే ల్యాప్. ఇక బీములు కాలమ్‌ల మీదుగా పోయే చోట పైన వేసే ఎక్‌స్ట్రా రాడ్లు 2.65 మీటర్లవి 28. వంపుల లెక్కలన్నీ ముందే అయిపోయాయి, ఇవి కోయాల్సిన నిక్కమైన పొడవులు అనుకోండి.

అందరూ చేసే పద్ధతి ఏంటంటే ఒక సైజు పట్టుకుని అదయ్యాక ఇంకోటి మొదలుపెట్టడం. 5.20వి రాడ్డుకి రెండొస్తాయి, 12 రాడ్లు, ప్రతి దాంట్లో 1.60 మిగులుతుంది. 4.10వి రాడ్డుకి రెండు, 10 రాడ్లు, ఒక్కోదాంట్లో 3.80 మిగులు. 2.65వి రాడ్డుకి నాలుగు, 7 రాడ్లు. మొత్తం 29 రాడ్లు పోతాయి. మనకి నిజంగా కావాల్సింది కూడితే 281 మీటర్లు, కొన్నదేమో 348, అంటే 67 మీటర్లు కుప్పలోకి పోయింది, కొన్న దాంట్లో దాదాపు అయిదో వంతు.

మంచి మేస్త్రీ ఇలా చేయడు, ముందు పొడుగువి కోసేసి, మిగిలిన వాటిలో పొట్టివి ఏమైనా వస్తాయా అని చూస్తాడు. 5.20వి తీశాక మిగిలే 1.60లో ఏమీ రాదు. 4.10వి తీశాక మిగిలే 3.80లో 2.65ది ఒకటి వస్తుంది, అలా పది సర్దుకుంటాయి, ఇంకో 18 కోసం 5 కొత్త రాడ్లు కావాలి. మొత్తం 27. రెండు రాడ్లు మిగిలాయి, కంటిచూపుతో చేసే పనికి అది బాగానే ఉంది.

అయినా ఇంకా ఉంది. 5.20, 4.10, 2.65 మూడూ ఒక్కోటి చొప్పున కలపండి, 11.95 వస్తుంది, రాడ్డులో మిగిలేది 5 సెంటీమీటర్లే. ఇలా 20 రాడ్లు కోస్తే కాలమ్ రాడ్లు మొత్తం అయిపోతాయి, 5.20వి నాలుగు, 2.65వి ఎనిమిది మిగులుతాయి. వాటికి ఒక్కో రాడ్డులో 5.20ది ఒకటి, 2.65వి రెండు చొప్పున ఇంకో 4 రాడ్లు, ఒక్కోదాంట్లో 1.50 మిగులుతుంది. మొత్తం 24 రాడ్లతో పనైపోయింది, తుక్కు 7 మీటర్లు. మొదటి పద్ధతితో చూస్తే 5 రాడ్లు తక్కువ. 16 ఎంఎం రాడ్డు మీటరుకి 1.58 కిలోలు, అంటే దాదాపు 95 కిలోలు, కిలో 60 రూపాయలు అనుకున్నా 5,700 రూపాయలు, అదీ ఒక్క ఫ్లోర్‌లో ఒక్క సైజు రాడ్డు మీద.

మేస్త్రీకి ఇది ఎందుకు తట్టలేదంటే 5.20వి రాడ్డుకి రెండు రావడం చూడ్డానికి చాలా బాగుంటుంది, పెద్ద ముక్కలు రెండు ఒకేసారి అయిపోయాయి అనిపిస్తుంది, కానీ అది మిగిల్చే 1.60 మన లిస్టులో దేనికీ పనికిరాదు. 5.20 పక్కన ఇంకో 5.20 కాకుండా 4.10 పెట్టాలి, అలా పెడితేనే 2.65కి చోటు దొరుకుతుంది.

ఇంతకన్నా తగ్గించగలమా అని డౌట్ వస్తే తేల్చడం చాలా తేలిక. కావాల్సిన మొత్తం 281ని 12తో భాగిస్తే 23.4 వస్తుంది, అంటే ఎంత తెలివిగా కోసినా 24 రాడ్ల కన్నా తక్కువలో అయ్యే పని కాదు. మనం 24కే వచ్చాం కాబట్టి ఇంక వెతకక్కర్లేదు. ప్రతి లిస్టుకీ మొదట ఈ భాగహారం చేసి పెట్టుకోండి, మీ ప్లాన్ ఆ అంకెకి ఒకటి రెండు రాడ్ల దూరంలో ఉంటే సరే, అయిదారు దూరంలో ఉంటే మళ్లీ కూర్చోవాలి.

మూడు సైజులు ఉన్నప్పుడు 12 మీటర్లని పనికొచ్చేలా నింపే పద్ధతులు ఆరే, కాగితం మీద అయిదు నిమిషాల్లో రాసేయొచ్చు. పదిహేను ఇరవై సైజులు ఉంటే ఆ పద్ధతులు వేలల్లోకి పోతాయి, చేత్తో అయ్యే పని కాదు. గణితంలో దీని వెనక పెద్ద కథే ఉంది. సరుకుని కనీసం వేస్టుతో ఎలా కోయాలన్న ప్రశ్నని 1939లో లెనిన్‌గ్రాడ్‌లో లియొనిద్ కంటోరోవిచ్ లెక్కగా రాసి చూపించాడు, తర్వాత 1975లో ఆయనకి అర్థశాస్త్రంలో నోబెల్ వచ్చింది. 1961లో ఐబీఎంలో పనిచేసే గిల్మోర్, గొమొరీ ఇద్దరూ ఆ వేల పద్ధతులన్నీ రాయక్కర్లేని దారి కనిపెట్టారు. ఒక్కో సైజు ముక్కకి ప్రస్తుతం ఎంత విలువ ఉందో ఒక అంకె ఇవ్వాలి, కష్టంగా సర్దుకునే ముక్కకి ఎక్కువ విలువ, తర్వాత ఒక్క రాడ్డులో ఎక్కువ విలువ పట్టే పద్ధతి ఏదో వెతకాలి, దొరికితే లిస్టులో చేర్చి విలువలు మళ్లీ సరిచూసుకోవాలి, కొత్తగా లాభం ఇచ్చే పద్ధతి దొరక్కపోయే దాకా ఇదే.

లెక్క కాగితం మీద తేలడం ఒక ఎత్తు, సైట్లో జరగడం ఇంకో ఎత్తు. అసలు ఇబ్బంది ఏంటంటే కాలమ్‌లు ముందు లేస్తాయి, బీములు ఆ తర్వాత. కాలమ్ రాడ్లు కోసే రోజుకి బీమ్ రాడ్ల గురించి ఎవరికీ పట్టింపు ఉండదు. ఆ రోజు నేను మా మేస్త్రీతో "ఒక్కో రాడ్డులో 4.10 ముక్క ఒక్కటే కోయండి, మిగతాది ముట్టుకోవద్దు" అంటే ఆయన కటింగ్ మెషిన్ ఆపేసి నా మొహం చూశాడు. "పది రాడ్లలో అయ్యే పనికి ఇరవై రాడ్లు పాడు చేయమంటారేంటి సార్" అన్నాడు. నేల మీద సుద్దముక్కతో 12 మీటర్ల గీత గీసి 4.10 దగ్గర ఒక గుర్తు, అక్కణ్ణుంచి 5.20 కొలిచి ఇంకో గుర్తు, అక్కణ్ణుంచి 2.65 కొలిచి మూడో గుర్తు పెట్టాను, చివర్లో దాదాపు మూడు వేళ్ల వెడల్పు మిగిలింది. ఆయన టేపు పట్టుకుని మళ్లీ కొలిచాడు, తర్వాత ఏమీ మాట్లాడకుండా కోయడం మొదలుపెట్టాడు.

మిగిలిన 7.90 మీటర్ల ముక్కల్ని అప్పుడే కోయనక్కర్లేదు. బీమ్ పని వచ్చే దాకా అలా పొడుగ్గా ఉంచితేనే మంచిది, డ్రాయింగ్‌లో ఏదైనా మారినా ఇంకో రకంగా వాడుకోవచ్చు. కానీ వాటికి కాపలా ఉండాలి. చివర్లకి ఎర్ర పెయింట్ పూసి, కింద దుంగలు పెట్టి మట్టి తగలకుండా విడిగా పేర్చాం. అయినా నాలుగో రోజు సెంట్రింగ్ వాళ్లు సపోర్టుకని ఒకదాన్ని మధ్యకి కోసేశారు. ఒక్క ముక్క పోతే ఒక కొత్త రాడ్డు విప్పాల్సి వచ్చింది. అందుకే లెక్క 24 అయినా ఒకటి రెండు ఎక్కువ తెప్పించుకోవడం నయం.

ఇంకో చిన్న జాగ్రత్త, రాడ్లు కిలోల్లో కాకుండా నంబర్లో చెప్పి తెప్పించండి. 16 ఎంఎం రాడ్డు బరువులో 5 శాతం అటూ ఇటూ ఉండటానికి రాడ్ల భారత ప్రమాణం ఐఎస్ 1786 ఒప్పుకుంటుంది, కాబట్టి కాటా లెక్కతో వస్తే రాడ్లు ఒకటి ఎక్కువో తక్కువో ఉండొచ్చు. వచ్చాక కట్టలో నాలుగైదు టేపు పెట్టి కొలవండి, ఎందుకంటే మన మిగులు 5 సెంటీమీటర్లే, రాడ్డు అంతకన్నా పొట్టిగా వస్తే ప్లాన్ మొత్తం కూలిపోతుంది. షియర్ మెషిన్‌తో కోస్తే పొడవు పోయేది ఏమీ ఉండదు, కటింగ్ వీల్‌తో కోస్తే కోతకి దాదాపు 3 మిల్లీమీటర్లు పోతుంది, ఆ 5 సెంటీమీటర్లలో అది సరిపోతుంది.

మిగిలిన ముక్కల్ని ల్యాప్ వేసి కలిపేయొచ్చు కదా అని అడుగుతుంటారు. 16 ఎంఎంకి డయాకి 50 రెట్లు లెక్కేస్తే ప్రతి అతుకు దగ్గరా 80 సెంటీమీటర్ల మేర రాడ్డు మీద రాడ్డు పడుతుంది, 1.60వి రెండు కలిపితే దక్కేది 2.40 మాత్రమే, మనకి కావాల్సిన 2.65కి అదీ చాలదు. పైగా ల్యాప్ ఎక్కడ పడాలో ఇంజనీర్ చెప్పాలి, తుక్కు తగ్గించడానికి ఎక్కడ పడితే అక్కడ వేస్తే బీమ్ బలం మీద దెబ్బ పడుతుంది. అలాగే 4.10ది ఒకటి, 2.65వి మూడు కలిపితే 12.05 అవుతుంది, ఊరించేంత దగ్గర, కానీ ఆ 5 సెంటీమీటర్లు కోసేసుకునే హక్కు సైట్లో ఎవరికీ లేదు. ఇంజనీర్‌ని అడిగి డ్రాయింగ్‌లో మార్పిస్తే వేరే సంగతి.

ప్లాన్ సరిగ్గా నడుస్తోందో లేదో తెలుసుకోవాలంటే నేను వారానికోసారి ఆ కుప్ప దగ్గరే నిలబడతా. ముక్కలు రకరకాల పొడవుల్లో ఉంటే అది కోసే చేతి పొరపాటు, టేపు జారిందో గుర్తు తప్పిందో. అవే 1.60లు పన్నెండు వరసగా కనిపిస్తే మాత్రం మేస్త్రీని ఏమీ అనను, వెనక్కొచ్చి నా లిస్టు తీసి చూసుకుంటా.